"నీ వీక్‌నెస్ ఏంటి?" అని అడిగితే: హెచ్‌ఆర్ రౌండ్‌కి వెళ్లేవాళ్లకి చిట్కాలు

ఇంజనీరింగ్ చివరి ఏడాది పిల్లలకి ఆప్టిట్యూడ్ పరీక్ష అంటే భయం, టెక్నికల్ రౌండ్ అంటే ఇంకా భయం. హెచ్‌ఆర్ రౌండ్ అంటే మాత్రం అంత లెక్క ఉండదు, నాలుగు ప్రశ్నలకి జవాబులు బట్టీ పడితే చాలనుకుంటారు. ఆ నాలుగింటిలో ఒకటి, "వాట్ ఈజ్ యువర్ గ్రేటెస్ట్ వీక్‌నెస్?" దీనికి నిజం చెబితే ఉద్యోగం పోతుందేమోనని ఒక బెంగ. అబద్ధం చెబితే దొరికిపోతామేమోనని ఇంకో బెంగ. ఈ రెండు బెంగల మధ్య పడి చాలామంది పక్కవాడు చెప్పిన జవాబే తామూ చెప్పి వస్తుంటారు. కాలేజీ క్యాంపస్‌లో మొదటి ఉద్యోగానికి కూర్చునే వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి ఈ చిట్కాలు. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లని అడిగే తీరు వేరు, వాళ్లు చెప్పాల్సిన జవాబూ వేరు.

1. అవతలివాళ్లు దేనికోసం అడుగుతున్నారో తెలుసుకోండి

మీలో లోపం పట్టుకుని బయటికి పంపేయడానికి ఈ ప్రశ్న అడగరు. కొత్తగా చేరినవాళ్లు తప్పులు చేస్తారని కంపెనీకి తెలుసు, అందుకే నెలల తరబడి శిక్షణ ఇస్తుంది. ఆ తప్పు మీకు మీరుగా గమనిస్తారా, ఎవరైనా చెబితే ముఖం మాడ్చుకుంటారా, చెప్పాక ఏమైనా మార్చుకుంటారా అన్నది వాళ్లు చూస్తారు. మీ బలహీనత పేరు మీద వాళ్లకి పెద్ద ఆసక్తి ఉండదు. దాని గురించి మీరు మాట్లాడే పద్ధతి మీదే ఆసక్తి. అందుకే "ఏ బలహీనత చెబితే బాగుంటుంది?" అని వెతుక్కోవడంతో మొదలుపెట్టినవాళ్లు మొదటి అడుగులోనే దారి తప్పుతారు.

2. సీఆర్‌టీ క్లాసులో రాయించిన జవాబుని వాడకండి

"నేను పర్‌ఫెక్షనిస్ట్‌ని", "పనిలో పడితే టైము తెలియదు", "ఎవరడిగినా కాదనలేను", "అందర్నీ తొందరగా నమ్మేస్తాను". ఈ నాలుగూ మన కాలేజీల్లో ఏళ్లుగా చేతులు మారుతున్నాయి. ఒకే సెక్షన్ వాళ్లు ఒకే రోజున ఒకే ప్యానెల్ ముందు కూర్చుంటారు. పొద్దున్నుంచి పదిమంది పర్‌ఫెక్షనిస్టులని చూసిన మనిషికి పదకొండో పర్‌ఫెక్షనిస్టు ఎదురైతే ఏమనిపిస్తుందో ఊహించుకోండి. పైగా ఆ పర్‌ఫెక్షనిస్టు రెజ్యూమెలో రెండు స్పెల్లింగ్ తప్పులు ఉంటాయి.

లోపం ముసుగు వేసి గొప్ప చెప్పుకునే ఈ పద్ధతి మీద ఓవుల్ సెజర్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2018లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో భాగంగా విద్యార్థులని ఈ ప్రశ్నే అడిగారు. ఎక్కువమంది ముసుగు జవాబే రాశారు. ఆ జవాబులు చదివినవాళ్లు మాత్రం నిజమైన లోపం చెప్పినవాళ్లవైపే మొగ్గారు. ఆ ముగ్గురిలో ఒకరి వేరే పరిశోధనల మీద తర్వాత పెద్ద వివాదాలు వచ్చాయి కాబట్టి భారమంతా ఈ ఒక్క పత్రం మీద వేయను. ఇంటర్వ్యూ బల్లకి అటువైపు ఒక పూట కూర్చున్నవాళ్లెవరినైనా అడగండి, ఇదే మాట చెబుతారు.

"నాకు వీక్‌నెస్‌లేమీ లేవు సర్" అనే జవాబు గురించి చెప్పడానికి ఏమీ లేదు. అనకండి, అంతే.

3. మీ బలహీనతని మీ రూమ్మేట్‌ని అడగండి

ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తే మనకి తట్టేవి రెండే రకాలు: మరీ తీపివి, మరీ చేదువి. అసలుది మనతో కలిసి పని చేసినవాళ్లకి తెలుస్తుంది. ప్రాజెక్టులో మీతో ఉన్న ఇద్దరినీ, హాస్టల్‌లో పక్క మంచం వాడినీ, ఇంట్లో అక్కనో అన్ననో అడగండి. అయితే "నా వీక్‌నెస్ ఏంటి?" అని అడిగితే మొహమాటపడి "నీకేంట్రా, బానే ఉంటావ్" అంటారు. ఇలా అడిగి చూడండి: "ఒరేయ్, నాతో ప్రాజెక్ట్ చేసినప్పుడు నీకు విసుగొచ్చింది ఎక్కడ?" జవాబు వెంటనే వస్తుంది. "నువ్వు ఫోన్ ఎత్తవు", "అయిపోయింది అంటావు, చూస్తే సగమే ఉంటుంది", "చిక్కుకుపోయినా చెప్పవు, మేమే వచ్చి చూసుకోవాలి."

వాళ్లు అంటున్నప్పుడు సమర్థించుకోకండి, రాసుకోండి. ఇద్దరు ముగ్గురు విడివిడిగా ఒకే మాట అన్నారంటే మీ జవాబు దొరికినట్టే. ఎవరూ దొరక్కపోతే మీ ప్రాజెక్ట్ వాట్సాప్ గ్రూపు తెరిచి పాత మెసేజ్‌లు చదవండి. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచి మరీ మళ్లీ మళ్లీ అడిగింది ఏమిటో అక్కడే కనిపిస్తుంది.

4. దొరికినవాటిలోంచి ఒకటి ఎంచుకోవడం

మూడు సంగతులు చూసుకోండి. మొదటిది, దానికి సాక్ష్యం ఉండాలి. ఫలానా రోజు, ఫలానా పనిలో దానివల్ల కొంత నష్టం జరిగిందని చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది మీ బలహీనత కాదు, ఎక్కడో విన్న మాట. రెండోది, ఆ ఉద్యోగానికి అది ఆయువుపట్టు కాకూడదు. టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్లి చిన్న చిన్న విషయాలు గమనించనని చెబితే నిజాయితీని మెచ్చుకుని ఇంటికి పంపిస్తారు. అలాంటి లోపం నిజంగానే ఉంటే ఆలోచించాల్సింది జవాబు గురించి కాదు, ఆ ఉద్యోగం మీకు సరిపోతుందా అని.

మూడోది, దాని మీద మీరు ఇప్పటికే ఏదో ఒకటి చేసి ఉండాలి. "ఇకమీదట మార్చుకుంటాను సర్" అన్నది లెక్కలోకి రాదు. ఇంటర్వ్యూకి నెల ముందే ఈ చిట్కాలు చదువుతున్నారంటే ఇంకా మంచిది, మొదలుపెట్టి చూపించడానికి ఒక నెల చేతిలో ఉంది.

ఇక్కడ ఇంగ్లీషు సంగతి కూడా చెప్పాలి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు చాలామంది "మై ఇంగ్లీష్ ఈజ్ వీక్ సర్" అంటారు. అది నిజమే కావచ్చు. కానీ ఆ ప్రశ్న వచ్చేసరికి అవతలివాళ్లు మీతో పది నిమిషాలు ఇంగ్లీషులోనే మాట్లాడి ఉంటారు. కళ్ల ముందు కనపడుతున్నది మళ్లీ చెప్పడంవల్ల మీ గురించి కొత్తగా ఏమీ తెలియదు. చెప్పాలనే ఉంటే విడమరిచి చెప్పండి: మాట్లాడటంలో పర్వాలేదు కానీ ఒక మెయిల్ రాయడానికి అరగంట పడుతోంది, అందుకని రోజూ ఆ రోజు చేసిన పనిని ఐదు వాక్యాల్లో రాసి స్నేహితుడికి పంపుతున్నాను అని. అప్పుడు అది సాకు అనిపించదు.

5. ఒక జవాబు ఎలా తయారవుతుందో చూడండి

సీఎస్‌ఈ చివరి ఏడాది అమ్మాయి అనుకుందాం. నలుగురు కలిసి మినీ ప్రాజెక్టుగా కాలేజీకి హాజరు నమోదు చేసే యాప్ చేశారు. లాగిన్ భాగం ఈ అమ్మాయిది. తన కోడ్ ల్యాబ్‌లోని డేటాబేస్‌కి కలవడం లేదు. నాలుగు రోజులు కుస్తీ పట్టింది. యూట్యూబ్ చూసింది, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. జట్టులో ఎవరినీ అడగలేదు. "ఇంత చిన్నది కూడా రాదా అనుకుంటారేమో" అని జంకు. తీరా చూస్తే ఆ ల్యాబ్ సిస్టమ్‌లో డేటాబేస్ పోర్ట్ నంబర్‌ని జట్టులో ఒకబ్బాయి 3306 నుంచి 3307కి మార్చాడు. ఈ అమ్మాయి కోడ్‌లో పాత నంబరే ఉంది. అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. గైడ్‌కి చూపించాల్సిన రివ్యూ వారం వెనక్కి పోయింది, నలుగురికీ మాట పడింది.

దీన్ని ఇంటర్వ్యూలో ఆ అమ్మాయి మొదట ఎలా చెబుతుందంటే: "సర్, నాకు సెల్ఫ్ రిలయన్స్ ఎక్కువ. ఏ సమస్య అయినా నేనే పరిష్కరించుకోవాలనుకుంటాను." వినడానికి బాగానే ఉంది. కానీ ఇది మళ్లీ ముసుగే. లోపాన్ని తిప్పి సుగుణం చేసేసింది. పోర్ట్ లేదు, నాలుగు రోజులు లేవు, వెనక్కి పోయిన రివ్యూ లేదు.

అదే సంగతిని ఉన్నదున్నట్టు చెబితే ఇలా ఉంటుంది:

"సర్, నేను చిక్కుకుపోయినప్పుడు సాయం అడగడానికి ఆలస్యం చేస్తాను. మినీ ప్రాజెక్టులో డేటాబేస్ కలవక నాలుగు రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను. పోర్ట్ నంబర్ మారిందని మా టీమ్‌మేట్‌కి తెలుసు, నేను అడగలేదు. దానివల్ల మా రివ్యూ వారం వాయిదా పడింది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. గంటసేపు ప్రయత్నించినా కదలకపోతే, ఏం చేశానో మూడు లైన్లు రాసుకుని వెళ్లి అడుగుతాను. మేజర్ ప్రాజెక్టులో ఇది బాగా పనికొచ్చింది. పరిచయం లేని సీనియర్ల దగ్గర మాత్రం ఇప్పటికీ కొంచెం జంకుతాను."

నిదానంగా చెప్పినా ఇది నిమిషం లోపే అయిపోతుంది. ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఒక సంఘటన, దానివల్ల ఎవరికి ఇబ్బంది కలిగింది, ఆ తర్వాత ఏం మారింది. ఆ గంట లెక్క, మూడు లైన్లు రాసుకోవడం చూడండి. ప్యానెల్‌లో ఎవరైనా టీమ్ లీడ్ ఉంటే ఆ మాట దగ్గర తల ఎత్తుతారు. కొత్తవాళ్లు రోజంతా మౌనంగా కూర్చుని సాయంత్రం "రాలేదు సర్" అనడమే వాళ్ల రోజువారీ తలనొప్పి. అదే తలనొప్పికి ఈ అమ్మాయి మందు కనిపెట్టుకుని వచ్చింది.

6. చివరి ముక్కని దాచకండి

పై జవాబులో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆఖరి వాక్యం. చాలామంది శిక్షకులు దాన్ని కొట్టేయమంటారు, "పాజిటివ్‌గా ముగించాలి" అంటారు. వాళ్ల మాట వినకండి. నాలుగు నెలల్లో ఒక అలవాటు పూర్తిగా పోయిందంటే ఎవరూ నమ్మరు. నిజంగానే పోయి ఉంటే అది ఇప్పటి బలహీనతే కాదు, మిమ్మల్ని అడిగింది ఇప్పటిది. ఎంతవరకు తగ్గిందో, ఇంకా ఎక్కడ మిగిలిందో చెప్పినప్పుడే ముందు చెప్పినదంతా నిజమనిపిస్తుంది. అయితే ఒక్క వాక్యమే. దాన్ని సాగదీసి కంటతడి దాకా తీసుకెళ్లకండి.

7. వాక్యాలు రాసుకోకండి, నాలుగు మాటలు రాసుకోండి

నిజమైన సంగతిని కూడా బట్టీ పట్టి చెబితే అబద్ధంలాగే వినిపిస్తుంది. అప్పటిదాకా ఆగి ఆగి మాట్లాడినవాడు ఈ ప్రశ్న రాగానే గుక్క తిప్పుకోకుండా అందుకుంటాడు. చూపు గోడ మీదకి పోతుంది. అంతవరకు రాని పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు హఠాత్తుగా వచ్చేస్తాయి. మధ్యలో ఎవరైనా ఆపితే మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకుంటాడు. ఈ చివరి గుర్తు చూశాక ప్యానెల్‌కి ఇంకే అనుమానమూ ఉండదు.

అందుకని కాగితం మీద జవాబంతా రాయొద్దు. ఆ అమ్మాయి అయితే ఇంతే రాసుకోవాలి: నాలుగు రోజులు, పోర్ట్, గంట, సీనియర్లు. ఈ నాలుగు మాటలు వరుసగా గుర్తుంటే చాలు, వాక్యాలు వాటంతట అవే వస్తాయి. ప్రతిసారీ కొంచెం తేడాగా వస్తాయి, రావాలి కూడా.

తర్వాత దాన్ని మూడుసార్లు చెప్పి చూడండి. ముందు ఇంట్లో అమ్మకి తెలుగులో చెప్పండి. పోర్ట్ అంటే ఏంటో ఆవిడకి తెలియదు కాబట్టి విడమరిచి చెప్పాల్సి వస్తుంది, అప్పుడు మీకే కథ స్పష్టమవుతుంది. తర్వాత ప్రాజెక్టులో ఉన్న స్నేహితుడికి చెప్పండి, పెంచి చెబితే అక్కడికక్కడే "అంత లేదులే" అంటాడు. మూడోసారి ఇంగ్లీషులో, ఫోన్‌లో రెండు సార్లు రికార్డు చేసుకుంటూ. రెండు రికార్డింగులు విన్నప్పుడు మాట మాటకీ ఒకేలా ఉన్నాయంటే బట్టీ పడుతున్నారని అర్థం. ఒక రోజు వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంగ్లీషులో చెప్పేటప్పుడు చిన్న వాక్యాలే మేలు. "ఐ డిడ్ నాట్ ఆస్క్ ఎనీవన్ ఫర్ ఫోర్ డేస్" అన్న మాటకి ఉన్న బలం, పుస్తకంలోంచి తెచ్చుకున్న ఏ పొడుగు వాక్యానికీ ఉండదు.

8. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చే ప్రశ్నలో ఉంటుంది

జవాబు చెప్పగానే అనుభవమున్నవాళ్లు ఒక్కటి తవ్వుతారు. "ఈ మధ్య ఎప్పుడు జరిగింది?" అంటారు. "మీ టీమ్‌మేట్‌ని అడిగితే ఏమంటాడు?" అంటారు. "సరే, ఇంకొకటి చెప్పు" అంటారు. అద్దె జవాబులన్నీ కూలిపోయేది ఇక్కడే. పర్‌ఫెక్షనిస్టుని "ఈ నెలలో దానివల్ల ఏం నష్టపోయావు?" అని అడిగితే నోట మాట రాదు. నిజంగా జరిగింది చెప్పినవాళ్లకి ఈ ప్రశ్నలు భారమే కాదు, జరిగిందే ఇంకాస్త చెప్పాలి, అంతే. టీమ్‌మేట్ ఏమంటాడో మూడో చిట్కాలో మీరు ముందే అడిగి ఉన్నారు కూడా.

"ఇంకొకటి" అన్నప్పుడు కంగారుపడి పెద్దది బయటపెట్టేవాళ్లున్నారు. రెండోది చిన్నదే చాలు. ఉదాహరణకి, పదిమంది ముందు ప్రజెంటేషన్ ఇవ్వాలంటే మొదటి రెండు నిమిషాలు తడబడతాను, అందుకని మొదటి స్లైడ్ మాత్రం గట్టిగా సాధన చేసుకుంటాను అని చెప్పొచ్చు. ఇది రెండు వాక్యాలకి మించకూడదు.

అరుదుగా ఒకరు గిల్లుతారు: "మరి ఇలాంటి అలవాటున్న నిన్నెందుకు తీసుకోవాలి?" అది కోపం కాదు, మీరు తొణుకుతారేమోనని చూడటం. వెంటనే బలాల జాబితా విప్పకండి. "అలవాటు ఉంది సర్, దానికి పద్ధతి కూడా పెట్టుకున్నాను, మేజర్ ప్రాజెక్టులో మా రివ్యూలు ఏవీ నావల్ల ఆగలేదు" అని చెప్పి ఆగండి. ఆ మాట నిజమైతేనే సుమా.

9. ఇది ఒప్పుకోలు కార్యక్రమం కాదు

నిజాయితీ అంటే అన్నీ చెప్పేయడం కాదు. ఒంట్లో జబ్బులు, ఇంట్లో అప్పులు, ప్రేమలు, పెళ్లి మాటలు ఈ ప్రశ్నకి జవాబులు కావు. "కోపం ఎక్కువ సర్" అనేవాళ్లూ ఉన్నారు. అది విన్నవాళ్లకి మీ పద్ధతీ సాధనా ఏవీ గుర్తుండవు, కోపం ఒక్కటే గుర్తుంటుంది.

బ్యాక్‌లాగులు, మధ్యలో చదువు ఆగిన ఏడాది వేరే సంగతి. అవి వాస్తవాలు. ఫారంలో అడుగుతారు, విడిగానూ అడుగుతారు, చేరాక సర్టిఫికెట్లు సరిచూస్తారు. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిందే, అబద్ధం బయటపడితే చేతికొచ్చిన ఆఫర్ కూడా పోతుంది. కానీ అడక్కముందే వాటిని తెచ్చి "ఇదే నా వీక్‌నెస్" అని పెట్టనక్కర్లేదు.

ఇంట్లో పెద్దవాళ్లకి ఒక మాట. పిల్లలు తమ లోపం పైకి చెప్పి సాధన చేస్తుంటే "అలా చెబితే ఎవరిస్తారే ఉద్యోగం, ఏదో మంచిదే చెప్పు" అని అడ్డుపడకండి. వినిపెట్టండి చాలు.

10. పొట్టిది కూడా ఒకటి దగ్గర పెట్టుకోండి

వందలమందిని ఒకేసారి తీసుకునే కంపెనీల్లో హెచ్‌ఆర్ రౌండ్ చాలాసార్లు ఐదు పది నిమిషాల్లో ముగుస్తుంది. సర్టిఫికెట్లు చూస్తారు. ఏ ఊరికైనా వెళ్తావా, రాత్రి షిఫ్టులు చేస్తావా, బాండ్‌కి సరేనా అని అడుగుతారు. మధ్యలో ఈ ప్రశ్న విసిరి, మీరు చెబుతుండగానే తర్వాతి కాగితం తిప్పుతారు. అక్కడ నాలుగు రోజుల కథంతా మొదలుపెడితే మధ్యలోనే ఆపేస్తారు. అలాంటి చోట "చిక్కుకుపోతే అడగడానికి ఆలస్యం చేస్తాను సర్. ఇప్పుడు గంట దాటితే అడగాలని నియమం పెట్టుకున్నాను" అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోండి. వివరం కావాలనుకుంటే వాళ్లే అడుగుతారు. అడిగితే చెప్పడానికి అసలు సంగతి మీ దగ్గర ఎలాగూ ఉంది.